విసుగా, పొసగకపోవడమా?

మంగళవారం, రాత్రి

ఈరోజు కూడా నెలాఖరు క్లోజింగ్ పనే. బ్యాంక్ స్టేట్‌మెంట్‌నీ మా క్యాష్ బుక్‌నీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో ఎంట్రీకి టిక్ పెట్టుకుంటూ పోవడం, మిగిలినవాటికి కారణాలు రాయడం. మేము ఇచ్చినా ఇంకా బ్యాంకుకు చేరని చెక్కులు, మేము జమ రాసుకున్నా బ్యాంకులో ఇంకా పడని డిపాజిట్లు, బ్యాంకు తనంతట తాను కోసుకున్న చార్జీలు. తేడాలు చాలావరకు ఈ మూడింట్లోనే తేలిపోతాయి. చేరిన కొత్తలో ఈ పనంటే ఎంత ఇష్టంగా ఉండేదో! ఇప్పుడు చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, మనసు ఎక్కడో తిరుగుతుంటుంది. చాలా నెలలుగా కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. ప్రమోషన్ ఊసే లేదు. మానేద్దామన్న ఆలోచన వచ్చినప్పుడల్లా దాని వెనకే ఇంకో అనుమానం వస్తుంది: అసలు అకౌంట్స్ పనే నాకు సరిపడదేమో అని.

విసుగు పుట్టడం, పని పొసగకపోవడం, ఇవి రెండూ వేరు వేరు సంగతులని ఇవాళ మధ్యాహ్నం తెలిసొచ్చింది.

మామూలు కారణాలన్నీ రాసేశాక కూడా 2,700 తేడా మిగిలింది. మా పుస్తకంలో నిల్వ బ్యాంకు నిల్వ కంటే అంత తక్కువ చూపిస్తోంది. తేడా 9తో భాగిస్తే శేషం లేకుండా పోతోందంటే, ఎక్కడో రెండు అంకెలు తారుమారై ఉండొచ్చని మొదటి అనుమానం. 54,750 చెల్లించి 57,450 అని రాస్తే సరిగ్గా 2,700 తేడా వస్తుంది. అలాంటి జత కోసం పెద్ద చెల్లింపులన్నీ వెతికాను. దొరకలేదు. రెండో అనుమానం, తేడాలో సగం మొత్తం. వచ్చిన డబ్బును పొరపాటున చెల్లింపుగా రాస్తే తేడా రెట్టింపుగా కనిపిస్తుంది కాబట్టి 1,350 కోసం వెతికాను. దొరికింది. ఒక సప్లయర్ మాకు తిరిగిచ్చిన 1,350 మా పుస్తకంలో చెల్లింపు వైపు ఎక్కింది.

అక్కడితో ఆగాలనిపించలేదు. ఎవరైనా ఆ ఎంట్రీని అటు ఎందుకు రాస్తారు? వోచర్ తెరిచి చూస్తే విషయం అర్థమైంది. సప్లయర్ పేరు ఎంచుకోగానే సాఫ్ట్‌వేర్ తనంతట తాను చెల్లింపు వోచర్ తెరుస్తోంది. రిఫండ్ వచ్చినప్పుడు ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని దాన్ని మార్చాలి. పాత నెలలు తిరగేశాను. ఇదే రకం తేడా ఇంతకుముందూ వచ్చింది. ప్రతిసారీ ఎవరో కారణం తేలని మొత్తాలు పెట్టే సస్పెన్స్ ఖాతాలో వేసి, తర్వాత ఒక జర్నల్ ఎంట్రీతో సరిచేసి వదిలేశారు. ఇదంతా చూస్తుండగానే సాయంత్రమైపోయింది. టైమ్ ఎలా గడిచిందో తెలియలేదు. ఈ ఆఫీసులో నాకు అలా జరిగి ఎన్నాళ్లయిందో.

పక్క సీటులో కూర్చునే ఆమెది కూడా నా పనే, వేరే బ్యాంకు ఖాతాలు. ఆమెకూ ఇవాళ ఒక తేడా తగిలింది, నాదాని కంటే చిన్నది. దాని ముందు కూర్చున్నంతసేపూ ఆమె ముఖం చూడలేకపోయాను. చివరికి దొరికినప్పుడు "హమ్మయ్య, వదిలింది" అంది. ఆ మాట నన్ను ఆపేసింది. నాకు దొరికినప్పుడు కలిగిన సంతోషం ఆమెకు కలగలేదు, టెన్షన్ మాత్రం తగ్గింది. కానీ ఒక సప్లయర్ కోపంగా ఫోన్ చేస్తే ఆమె ఎలా మాట్లాడుతుందో నేను ఎన్నోసార్లు విన్నాను. అతను చెప్పేది పూర్తిగా వింటుంది, ఏ బిల్లు ఆగిందో ఎందుకు ఆగిందో తేటగా చెబుతుంది. ఫోన్ పెట్టేసరికి అటువైపు మనిషి శాంతించి ఉంటాడు. ఆ కాల్ తర్వాత ఆమె హుషారుగా కనిపిస్తుంది. అలాంటి కాల్ చేయాల్సి వస్తే నేను రోజంతా వాయిదా వేస్తాను.

మేమిద్దరం మామూలు రోజుల్లో ఒకేలా కనిపిస్తాం. ఇద్దరం గడియారం చూస్తాం, ఇద్దరం సోమవారం అంటే నీరసపడతాం. తేలికైన రోజు చూసి ఎవరికి ఏమైందో చెప్పలేం. కష్టమైన రోజు చూడాలి. పని కష్టమైనప్పుడు ప్రాణం లేచొస్తే ఆ పని మనిషికి సరిపోయినట్టే, మామూలు రోజుల్లో అలాంటి పని చాలినంత దొరకడం లేదు, అంతే. పని కష్టమైనకొద్దీ ఇంకా కుంగిపోతూ, బాగా చేసినా సంతోషం రాకపోతే, సమస్య పని మోతాదులో లేదు, పని రకంలోనే ఉంది. నాది మొదటిది. ఆమెది రెండోది అని నాకనిపిస్తోంది, కానీ అది ఆమె చెప్పాల్సిన మాట.

మొదట్లో ఇష్టంగా ఉండేది కాబట్టి నాకిది సరైన పనే అని ఇంతకాలం అనుకున్నాను. అది అంత గట్టి ఆధారం కాదని ఇప్పుడు అనిపిస్తోంది. కొత్తలో ఏ పనైనా బాగుంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్, కొత్త మనుషులు, రోజూ ఏదో ఒకటి తెలియడం, ఇవన్నీ పొసగని పనిని కూడా కొన్నాళ్లు కప్పిపెడతాయి. నేను చూడాల్సింది ఆ పనిలో ఏ భాగం ఇష్టంగా ఉండేదన్నది. నాకు తేడా వెతకడం, కారణం పట్టుకోవడం నచ్చేవి. ఇవాళ నచ్చిందీ అదే. కొత్త పోయాక కూడా అదే భాగం నిలిచింది.

ఇంకో సంగతి కూడా చూసుకున్నాను, దీన్ని దాటేయకూడదు. ఆఫీసు బయట కూడా ఏదీ రుచించకపోతే, సెలవు రోజున ఇష్టమైన పనుల మీదకు కూడా మనసు పోకపోతే, నిద్ర సరిగా లేకపోతే, అది ఉద్యోగం విసుగు కాకపోవచ్చు. అలసటో, డిప్రెషనో అయి ఉండొచ్చు. అప్పుడు ఉద్యోగం మారినా తీరదు, డాక్టర్‌ని కలవాలి. నా విషయంలో అలా లేదు. ఆఫీసు బయట నాకు బాగానే ఉంటోంది.

సాయంత్రం సార్ దగ్గరకు వెళ్లి వోచర్ సంగతి చెప్పాను. రిఫండ్ కోసం విడిగా ఒక వోచర్ రకం పెట్టుకుంటే ఈ తేడా ఇక రాదన్నాను. ఆయన మంచివారే, విన్నారు. "ఇప్పుడు క్లోజింగ్ కదమ్మా, జర్నల్ పాస్ చేసేయ్, తర్వాత చూద్దాం" అన్నారు. ఆయన తప్పనను. కానీ నా విసుగు ఎక్కడిదో అక్కడే కనిపించింది. మనసుకు పట్టిన పనిలో కారణం దాకా వెళ్లొచ్చు, ఆ తర్వాత చేయి పెట్టే అధికారం లేదు. నేను పట్టుకున్నదాని వల్ల ఏమైనా మారిందా అన్నది కూడా నా దాకా రాదు.

ఇంటికొచ్చాక, ఒక పని మనిషికి ఎంత ఉత్సాహమిస్తుందో కొలవడానికి రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ అనే పరిశోధకులు 1970లలో తయారుచేసిన లెక్కను కాగితం మీద వేసుకున్నాను. వాళ్ల ప్రకారం పనిలో ఐదు చూడాలి: రకరకాల నైపుణ్యాలు వాడుతున్నామా, పని మొదటి నుంచి చివరి దాకా మన చేతిలో ఉందా, దానివల్ల ఎవరికైనా ఉపయోగమా, మన నిర్ణయాలకు చోటుందా, ఎలా చేశామో పని నుంచే తెలుస్తోందా. ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కు. మొదటి మూడింటి సగటు తీసి, దాన్ని స్వేచ్ఛ మార్కుతోనూ ఫలితం తెలియడం మార్కుతోనూ గుణించాలి. నాకు వైవిధ్యం 2, పూర్తి పని 5, ఉపయోగం 5, సగటు 4. స్వేచ్ఛ 2, ఫలితం తెలియడం 2. గుణిస్తే 16. గరిష్ఠం 343.

ఆ 16 చూసి దిగులు పడలేదు, ఏది మారిస్తే ఎంత కదులుతుందో చూడడమే నాకు కావలసింది. ఇదే పనిలో ఇంకో రెండు బ్యాంకు ఖాతాలు, ఇంకో రిపోర్టు ఇచ్చి వైవిధ్యం 2 నుంచి 5కి చేర్చారనుకుందాం. సగటు 5 అవుతుంది, మొత్తం 20. అదే పని ఉంచి స్వేచ్ఛ 2 నుంచి 4 చేస్తే మొత్తం 32. గుణకారం కచ్చితం కాదని, మామూలు కూడిక కూడా దాదాపు అంతే పనిచేస్తుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. అందుకే అంకెల్ని నమ్మడం లేదు, దిక్కు వరకే తీసుకుంటున్నాను. "విసుగ్గా ఉందండీ, ఇంకా పనివ్వండి" అని అడగడం నాకు పనికిరాని కోరిక. ఇంకా ఎక్కువ టిక్కులే వస్తాయి.

ఇంకొకటి ఉంది. విసుగును పొసగకపోవడం అనుకుని నేను రంగం మార్చేస్తే, ఇష్టమైన పనిని వదిలేసి మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాలి. పొసగకపోవడాన్ని విసుగనుకుని పక్క సీటు ఆమెకు పెద్ద బాధ్యత అప్పగిస్తే, ఆమెకు ఇష్టం లేని పనే రెట్టింపవుతుంది. కాస్త ఎక్కువ జీతానికి ఇదే పని వేరే కంపెనీలో చేరినా, కొత్త పోయాక నేను మళ్లీ ఇక్కడికే వస్తాను. అక్కడ నిర్ణయం నా చేతిలో ఉంటే తప్ప.

క్లోజింగ్ అయిపోగానే సార్‌ని రెండే అడుగుతాను. రిఫండ్ వోచర్ మార్పును నాకే అప్పగించమని, టెస్ట్ నేనే చేస్తానని. రెండోది, సస్పెన్స్ ఖాతాలో పడేవాటి లెక్క నా బాధ్యతగా ఇవ్వమని. ఏ కారణంతో ఎన్ని పడుతున్నాయో నెలనెలా రాసుకుని, వాటిలో ఒక కారణాన్ని మూసేస్తాను. మరుసటి నెల అలాంటివి తగ్గాయా లేదా అన్నది నాకే కనిపిస్తుంది. ఆమె సంగతి కూడా వీలుంటే మాట్లాడాలి, సప్లయర్ల ఫోన్లు ఆమెకు, ఆమె దగ్గరి తేడాల వెతుకులాట నాకు అని. ముందు ఆమెను అడిగి, ఆమె సరే అంటేనే.

సార్ ఒప్పుకుని, వచ్చే కొన్ని క్లోజింగ్‌లలో నా మధ్యాహ్నాలు ఇవాళ్టిలా గడిస్తే ఇక్కడే ఉంటాను. ఒప్పుకున్నా తేడాల వెతుకులాట కూడా చప్పబడిపోతే, నా ఆలోచన తప్పని, పని రకాన్నే మళ్లీ చూడాలని అర్థం. "తర్వాత చూద్దాం" అన్నది తర్వాతి క్లోజింగ్‌కీ, ఆపై క్లోజింగ్‌కీ అలాగే ఉండిపోతే వేరే చోట వెతుకుతాను. అప్పుడు ఇంటర్వ్యూలో మొదట అడిగేది జీతం కాదు: ఒక తేడాకు కారణం దొరికితే, దాన్ని సరిచేసేది ఇక్కడ ఎవరండీ అని.