బిల్లు ఫొటోల్లోంచి నెల లెక్క తీయడం: నా అనుభవం

అమ్మ కర్నూలులో మా దగ్గరే ఉంటుంది. ఆమె మందులు, పరీక్షలు, రానుపోను ఖర్చులు నంద్యాలలో ఉండే అక్క, బెంగళూరులో ఉండే తమ్ముడు, నేను ముగ్గురం సమానంగా పంచుకుంటాం. ఆ పూట అమ్మతో ఎవరుంటే వాళ్లు డబ్బు కట్టేసి, బిల్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. నెల తిరిగేసరికి "ఎంతయిందిరా, నా వంతు చెప్పు" అని అక్క ఫోన్ చేస్తుంది. అప్పటికప్పుడు ఫొటోలు ఒక్కొక్కటీ తెరిచి కూడటం ప్రతి నెలా పెద్ద పనైపోయింది. అందుకని బిల్లులన్నిటినీ గూగుల్ షీట్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను.

ఫొటోలోని అక్షరాలను గూగుల్ లెన్స్ బాగానే చదువుతుంది. అయితే బిల్లు మొత్తాన్ని కాపీ చేసి షీట్‌లో పెడితే ఎందుకూ పనికిరాదు. చాలాసార్లు అది ఎడమవైపున్న పేర్లన్నీ ఒక గుంపుగా, కుడివైపున్న అంకెలన్నీ ఇంకో గుంపుగా ఇస్తుంది. ఏ అంకె దేనిదో తెలియదు. కాబట్టి తేదీ, బిల్లు నంబరు, చివరి మొత్తం, ఈ మూడింటినే వేలితో ఎంచుకుని తెచ్చుకుంటాను. అసలు కష్టం చదవడంలో లేదు, ఆ చివరి మొత్తం ఏదో తేల్చుకోవడంలో ఉంది.

అక్క పంపిన ఒక మందుల షాపు బిల్లే చూడండి. కింద వరసగా గ్రాస్ 1286.40, డిస్కౌంట్ 128.64, సీజీఎస్టీ 27.57, ఎస్‌జీఎస్టీ 27.57, రౌండాఫ్ 0.24, నెట్ 1158.00 అని ఉన్నాయి. ఆ కిందే క్యాష్ 1200, బ్యాలెన్స్ 42 అని కూడా ఉంది. కళ్లకు ముందు ఆనేది 1286.40 లేదా 1200, కానీ మన చేతిలోంచి పోయింది 1158. సరిచూసుకోవడం తేలికే. 1286.40లో 128.64 తీసేస్తే 1157.76, దానికి 24 పైసలు కలిపితే 1158. జీఎస్టీని ఇందులో మళ్లీ కలపకూడదు. ఎమ్మార్పీలోనే పన్ను ఉంటుంది కాబట్టి, ఆ ధరలో పన్ను ఎంత ఉందో షాపువాళ్లు విడదీసి చూపిస్తారంతే.

హోటల్ బిల్లు ఇలా ఉండదు. అక్కడ మెనూ ధర మీద పన్ను విడిగా పడుతుంది. టిఫిన్లకు 420 అయితే రెండు పన్నులూ చెరో 10.50 కలిసి 441 అవుతుంది. పెట్రోలు బంకు బిల్లులో జీఎస్టీయే ఉండదు, ఎందుకంటే పెట్రోలు ఇంకా ఆ పన్ను కిందికి రాలేదు. అక్కడ రేటును లీటర్లతో గుణించి చూస్తే చాలు. ఇలా బిల్లును బట్టి లెక్క మారుతుంది. కూడికో గుణకారమో కుదిరితేనే ఆ అంకెను షీట్‌లోకి ఎక్కిస్తాను.

ఈ సరిచూత ఊరికే పెట్టుకున్నది కాదు. లెన్స్ ₹ గుర్తును ఒక్కోసారి 7గానో 2గానో చదువుతుంది. ₹441 కాస్తా 7441 అయి కూర్చుంటుంది. మడత మీద పడ్డ చుక్క కనిపించకపోతే 1158.00 లక్షా పదిహేను వేల ఎనిమిది వందలవుతుంది. లక్ష అయితే ఎవరికైనా తెలిసిపోతుంది. 7441 అలా కాదు, స్కానింగ్ బిల్లేమోలే అనుకుని దాటిపోతాం. అందుకే ఫొటో బాగుండాలని ఇంట్లో వాళ్లకు చెప్పిపెట్టాను. బిల్లును బల్ల మీద చదునుగా పరిచి, సరిగ్గా పైనుంచి తీయాలి. పొడవు బిల్లయితే పై భాగం, కింది భాగం విడివిడిగా తీయాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది. థర్మల్ కాగితం మీద అచ్చు ఎండకీ వేడికీ వెలిసిపోతుంది కాబట్టి ఏ రోజు బిల్లు ఆ రోజే ఫొటో తీయడం మేలు.

షీట్‌లో ఒక బిల్లుకు ఒకటే వరుస. A నుంచి G దాకా తేదీ, షాపు, బిల్లు నంబరు, మొత్తం, పద్దు, కట్టినవాళ్లు, ఫొటో లింకు. నెలకో పేజీ పెట్టలేదు. ఏడాదంతా ఒకే జాబితాగా ఉంటేనే తర్వాత ఎలా కావాలంటే అలా కూడుకోవచ్చు. తేదీ మాత్రం బిల్లు మీదున్నదే వేయాలి. వాట్సాప్ ఫొటో పేరులో ఉండేది పంపిన తేదీ. నెలాఖరు బిల్లును తమ్ముడు ఒకటో తారీకున పంపితే లెక్క పక్క నెలకు జారిపోతుంది.

తేదీల్లో ఇంకో చిక్కుంది. షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే 05/09 అని కొట్టినదాన్ని మే తొమ్మిదిగా తీసుకుంటుంది. 25/09 అంటే దానికి ఇరవై అయిదో నెల ఉండదు కాబట్టి అక్షరాలుగా వదిలేస్తుంది. File, Settings లోకి వెళ్లి Locale దగ్గర India పెట్టుకుంటే సరిపోతుంది. ముందే తప్పుగా పడిన తేదీలు మాత్రం వాటంతటవి మారవు, మళ్లీ కొట్టాలి.

మొత్తాల నిలువు వరుసలోనూ ఇదే జరుగుతుంది. కాపీ చేసేటప్పుడు సున్నా బదులు ఇంగ్లిషు O అక్షరం వచ్చినా, అంకెల మధ్య ఖాళీ పడినా షీట్ దాన్ని అంకెగా గుర్తించదు. SUM దాన్ని కూడకుండా వదిలేస్తుంది, తప్పని కూడా చెప్పదు. అంకెలు గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు చేరతాయి కాబట్టి కంటితో పట్టుకోవచ్చు. జాబితా పొడవైతే ఇది పెట్టుకోండి:

```
=COUNTA(D2:D)-COUNT(D2:D)
```

సున్నా వస్తే అన్నీ అంకెలే. రెండు వస్తే రెండు బిల్లులు లెక్కలోకి రాలేదని అర్థం.

మా ఇంట్లో ఎక్కువగా ఎదురయ్యేది ఒకే ఖర్చు రెండుసార్లు పడటం. ల్యాబ్ బిల్లు ఫొటో ఒకటి, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఒకటి, రెండూ గ్రూపులోకి వస్తాయి. బిల్లు ఉంటే స్క్రీన్‌షాట్‌ను ఎక్కించను. బిల్లు లేని చోటే దాన్ని వాడతాను. ఒకే బిల్లును ఇద్దరు పంపితే పట్టుకోవడానికి పక్క గడిలో ఇలా రాసుకున్నాను, TRUE అని వస్తే ఆగి చూస్తాను:

```
=COUNTIFS(B:B,B2,C:C,C2)>1
```

సి క్యాంపు రైతుబజారులో కొన్న పండ్లకు, ఆటోకు బిల్లే ఉండదు. అవి ఆ సాయంత్రమే చేత్తో కొట్టేస్తాను. చేతిరాత చీటీల విషయంలో కూడా లెన్స్‌ను నమ్మను.

బిల్లుల జాబితా ఉన్న పేజీ పేరు Bills. ఎవరెంత కట్టారో తేల్చడానికి ఇంకో పేజీ ఉంది. అందులో B1లో నెల మొదటి తేదీ, A2 నుంచి పేర్లు, పక్కన ఈ సూత్రం:

```
=SUMIFS(Bills!D:D,Bills!A:A,">="&B$1,
 Bills!A:A,"<"&EDATE(B$1,1),Bills!F:F,$A2)
```

పేరు ప్రతి వరుసలోనూ ఒకేలా రాయాలి. ఒకచోట అక్క, ఇంకోచోట అక్కయ్య అని ఉంటే రెండోది కూడికలోకి రాదు. ఒక నెల నా పేరున 5,210, తమ్ముడి పేరున 3,262, అక్క పేరున ఆ మందుల బిల్లు 1,158 వచ్చాయి. మొత్తం 9,630, తలా 3,210. "అంటే నేను 2,052 ఇవ్వాలి కదరా" అంది అక్క, నేను చెప్పేలోపే షీట్ చూసుకుని. నాకు 2,000, తమ్ముడికి 52 పంపేసింది.