తాతయ్య లెక్కల పుస్తకంలో పైపులు

తాతయ్య పొలం లెక్కల పుస్తకం 1988లో మొదలై 2006లో ఆగింది. సిరా వెలిసిపోయి చాలా పేజీలు లేత గోధుమ రంగు గీతల్లా మిగిలాయి. సెలవుల్లో దాన్ని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాను. మామూలు వెలుతురులో కనిపించని అంకెలు, టార్చి పక్క నుంచి వేస్తే కాగితం మీద కలం నొక్కిన గాడులుగా తేలాయి. అప్పటికీ తెలియనివి ఊహించకుండా ఆ గడిలో ప్రశ్నార్థకం పెట్టాను.

నన్ను కాపాడింది ప్రతి పేజీ అడుగున తాతయ్య వేసిన మొత్తం. ఒక పేజీలో నా కూడికకు, ఆయన మొత్తానికి 270 తేడా వచ్చింది. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుంది. 270 కూడా అలాగే భాగించబడింది కాబట్టి అలాంటి వరుస కోసం వెతికాను. 250కి బదులు 520 కొట్టానని తేలింది.

ఖర్చులను రకాల వారీగా చూద్దామంటే పేర్లు కలవలేదు. మొదట్లో 'గొట్టాలు' అని రాసిన తాతయ్య, తర్వాత 'పైపులు' అన్నారు. ఆయన మాట ఉన్నదున్నట్టు ఒక గడిలో ఉంచి, పక్కన 'రకం' అని ఇంకో నిలువు వరుస పెట్టి రెంటికీ ఒకే పేరు ఇచ్చాను. ఆ పేరుతో ఫిల్టర్ చేసి, పైపుల సంఖ్యను ఏటికేడు కలుపుకుంటూ పోయాను:

```
=SUBTOTAL(9,F$2:F2)
```

1991లో రెండు, 1996లో రెండు, 2000లో మూడు, 2002లో మూడు, 2003లో నాలుగు. కొనుగోళ్ల మధ్య ఎడం ఐదేళ్లు, నాలుగు, రెండు, ఒకటి. సంఖ్యల కంటే ఆ ఎడం తగ్గడం చూసి నాకు గుండె ఝల్లుమంది. బోరులో నీళ్లు కిందికి పోతుంటే మోటారును ఇంకా లోతుకు దించాలి, దానికి పైపులు కలపాలి.

అయితే తుప్పు పట్టిన వాటి బదులు కూడా కొని ఉండొచ్చు కదా. జమ వైపు వెతికితే, 2000లో పైపులు కొన్న మూడో రోజున 'పాత ఇనుము, పైపు ఒకటి' అని ఉంది. కాబట్టి ఆ మూడింటిలో ఒకటి పాతదాని స్థానంలో వేసిందే. మిగతా ఏళ్లలో అలాంటి జమ లేదు, 'మోటారు దించిన కూలి' మాత్రం ప్రతిసారీ ఉంది.

"తాతయ్యా, ఒక్కో పైపు ఎంత పొడవు?"

"ఇరవై అడుగులమ్మా."

అదనంగా కలిపినవి పదమూడు, అంటే 260 అడుగులు. స్క్రీన్ చూపించాను. ఆయన చాలాసేపు చూసి 2003 వరుస మీద వేలు పెట్టారు.

"ఈ నాలుగూ దించాక నెల రోజులే వచ్చాయి నీళ్లు. రెండో పంట విత్తనాల లెక్క చూడు."

వెతికాను. 2003 దాకా ఏటా రెండుసార్లు విత్తనాల ఖర్చు ఉంది. 2004 నుంచి ఒక్కసారే.