బుద్ధుడికి ముందా, వెనకా?

నిన్న రాత్రి పదకొండింటికి ఫైలు పంపేశాను. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నా.

మా అపార్ట్‌మెంట్ కమిటీ వాళ్లకు కొత్త సంవత్సరం గ్రీటింగ్ కావాలి. హుస్సేన్ సాగర్, మధ్యలో బుద్ధ విగ్రహం, ఆకాశంలో టపాసుల పువ్వు. సాగర్ ఫోటో నా దగ్గర ఉంది. ట్యాంక్‌బండ్ రెయిలింగ్ పక్కన ట్రైపాడ్ పెట్టి ఐఎస్ఓ 100, ఎఫ్ 8, పది సెకన్లకు తీసింది. పువ్వు కూడా నాదే, దీపావళికి మా డాబా మీద నుంచి అదే ఐఎస్ఓతో ఎఫ్ 11, మూడు సెకన్లకు తీశాను. నెట్‌లో దొరికే పువ్వుల జోలికి పోలేదు. వాటిలో చాలావరకు నిప్పురవ్వలు చుక్కలు చుక్కలుగా గడ్డకట్టి ఉంటాయి. పది సెకన్ల ఫోటోలో కార్ల లైట్లు గీతలై సాగుతుంటే టపాసు మాత్రం చుక్కలుగా ఉంటే నప్పదు.

అతికించడం ఐదు నిమిషాల పని. లేయర్‌ని Screen మోడ్‌లో పెడితే నలుపు మాయమవుతుంది. పొగ వల్ల నలుపు కాస్త బూడిదగా ఉంటే ఆకాశమంతా పాలు పోసినట్టవుతుంది, అందుకే ముందు నలుపును గట్టిగా కిందికి లాగాలి.

సంబరంగా తీసుకెళ్లి మా ఫోటో క్లబ్ మీటింగ్‌లో ప్రొజెక్టర్ మీద వేశాను. అక్కడో సీనియర్ ఉన్నారు. ఒక్క నిమిషం చూసి, "బాబూ, ఈ టపాసు బుద్ధుడికి ముందు పేలిందా, వెనక పేలిందా?" అన్నారు. వెనకే సార్, నెక్లెస్ రోడ్ వైపు అన్నాను. "మరి విగ్రహం ముఖం మీద ఎర్ర వెలుగు ఎవరు కొట్టారు?" హాలంతా నవ్వు. పాతికమంది ముందు అలా అడగాలా? పక్కకు పిలిచి చెప్పొచ్చు కదా. కానీ ఆయన అడిగింది నిజం, అదే మంట.

ఇంటికొచ్చి ఆ ఒక్క ప్రశ్ననే పట్టుకుని ఫోటో అంతా మళ్లీ చూశాను. వెలుగు ఒక్కటే కాదు, నీటిలో నీడ కూడా తప్పే. నా ఫోటో 4000 పిక్సెళ్ల ఎత్తు. అవతలి ఒడ్డు నీటిని తాకే గీత పైనుంచి 2600 దగ్గర ఉంది, విగ్రహం కింది దిమ్మె నీటిని తాకే చోటు 2750 దగ్గర. పువ్వు నడిబొడ్డు 1700 దగ్గర. కంటికి ముందు విగ్రహమే ఆనుతుంది కాబట్టి దాని పాదాల గీత మీదే పువ్వును తలకిందులు చేశాను. నీడ 3800కి దిగింది. పువ్వు సగం వెడల్పు 450, కాబట్టి నీడ అడుగుభాగం ఫోటో బయటికి తెగిపోయింది. అదీ అందమే అనుకున్నాను, నా తెలివి!

టపాసు ఎక్కడ పేలిందో సరిగ్గా దాని కింద నీళ్లుండే గీత మీదే తిప్పాలి. నాది అవతలి ఒడ్డున పేలింది, అంటే 2600. అప్పుడు నీడ 3500 దగ్గర నిలుస్తుంది, మొత్తం ఫ్రేములో పడుతుంది. గీత 150 తప్పితే నీడ 300 తప్పుతుందన్నమాట. ఇంకోటి, నీటిలో బుద్ధుడి నీడ అడ్డొచ్చిన చోట పువ్వు నీడను చెరిపేయాలి, పైన విగ్రహం పువ్వును కప్పినట్టే.

నీడను ఎంత సాగదీయాలో ఏ వీడియోవాడూ చెప్పడు, "మీ టేస్ట్ బట్టి" అంటాడు. టేస్ట్ కాదు, పక్కనే కొలత ఉంది. అవతలి ఒడ్డు వీధి దీపం చుక్కలా ఉంటుంది, నీటిలో నిలువు గీతలా సాగుతుంది. పువ్వు నీడకు Motion Blur 90 డిగ్రీల్లో వేసి ఆ దీపం గీతంత అయ్యేదాకా పెంచాను. దీపం కంటే గీత ఎంత మసకగా ఉందో నీడనూ అంతే తగ్గించాను.

పువ్వు వెలుగు కూడా సరిచేశాను. ఎగిరే నిప్పురవ్వ ఏ చోటా నిలవదు కాబట్టి షట్టర్ ఎక్కువసేపు తెరిస్తే గీత మరింత వెలగదు. వెలుగు ఎఫ్ నంబరు, ఐఎస్ఓల మీదే ఉంటుంది. సాగర్ ఎఫ్ 8, పువ్వు ఎఫ్ 11, కాబట్టి పువ్వును ఒక స్టాప్ పెంచాను. నడిమధ్య తెల్లగా కాలిపోయింది, నిజంగా తీసినా అలాగే వచ్చేది. విగ్రహం ముఖం మీది ఎరుపు తీసేసి, భుజాల అంచున సన్నటి గీత మాత్రం ఉంచాను. మిగతా కాంతిని పువ్వు చుట్టూ పొగకు ఇచ్చాను.

మొత్తం మూడు రాత్రులు పట్టింది. ఇందాకే కమిటీ గ్రూపులో గ్రీటింగ్ వచ్చింది. నీళ్లున్న భాగమంతా పసుపు పట్టీ వేసి, దాని మీద ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్ల ఫోటోలు వరుసగా పెట్టారు.