గల్లాలో తగ్గిన 40 రూపాయలు

పెరంబూరులోని మామయ్య పచారీ కొట్టులో సాయంత్రం లెక్కలు నేనే రాస్తాను. ఈ రాత్రి షట్టరు సగం దించాక గల్లా లెక్క చూస్తే 310 రూపాయలు తగ్గాయి. ఉదయం చిల్లర కోసం గల్లాలో పెట్టినది 2,000, బిల్లు మిషను చూపిన నగదు అమ్మకం 18,460, బస్తాలు దించిన కూలీకి చీటీ రాసి ఇచ్చినది 350. ఆ ప్రకారం గల్లాలో 20,110 ఉండాలి. నేనొకసారి, గల్లాలో కూర్చునే శివ ఒకసారి విడివిడిగా లెక్కపెట్టినా 19,800 మాత్రమే వచ్చింది.

శివ ముఖం వాడిపోయింది. అతను చొక్కా జేబులోంచి నోట్లు తీసి, "నేను వేసేస్తాను అక్కా, మామయ్యగారికి చెప్పకండి" అన్నాడు. వద్దని గట్టిగానే చెప్పాను, ఎందుకంటే సొంత డబ్బుతో పూడ్చిన తేడా మళ్ళీ ఎక్కడా కనిపించదు, దాని కారణం మాత్రం మరునాడు కూడా గల్లా దగ్గరే ఉంటుంది.

తేడాను వెంటనే ఖాతాకు ఎక్కించకుండా ముందు యూపీఐ లెక్క చూడటం నా అలవాటు. ఫోనుకు వచ్చిన మొత్తం 11,930 ఉండగా, బిల్లు మిషను యూపీఐ కింద చూపింది 11,660. అక్కడ 270 ఎక్కువ ఉందంటే, ఒకరు ఫోనులో చెల్లించిన బిల్లును శివ నగదు మీట నొక్కి ముగించి ఉంటాడనుకున్నాను. వెతికితే మధ్యాహ్నం నూనె, కందిపప్పు కొన్న ఒక బిల్లు సరిగ్గా 270కే దొరికింది, ఫోనులో అదే సమయానికి అంతే మొత్తం జమైంది. ఇది గల్లా తరుగు కాదు, తప్పు పద్దులో పడిన అమ్మకం. దాన్ని సరిదిద్దితే నగదు అమ్మకం 18,190 అయింది, గల్లాలో ఉండవలసింది 19,840 అయింది, తేడా 40కి దిగింది.

ఆ 40 మాత్రం దొరకలేదు. దొరకనిది మాత్రమే గల్లాలో వచ్చే ఎక్కువ తక్కువలను రాసే క్యాష్ ఓవర్ అండ్ షార్ట్ ఖాతాకు వెళ్ళాలి. అందుకని నగదు ఖాతాకు 18,150, ఓవర్ అండ్ షార్ట్ ఖాతాకు 40 డెబిట్ రాసి, అమ్మకాలకు పన్నుతో కలిపి 18,190 క్రెడిట్ రాశాను. కూలీ ఖర్చు 350 వేరే పద్దు. అమ్మకాన్నే 18,150 అని రాస్తే సరిపోతుంది కదా అని మామయ్య మొదట్లో అనేవారు, కానీ బిల్లులు 18,190కి ఇచ్చాం, పన్ను కూడా దాని మీదే కట్టాలి. చేతికి రాని 40ని అమ్మకంలోంచి కోస్తే పుస్తకం బిల్లులతో కలవదు.

గల్లాలో ఎక్కువ వచ్చిన రోజును కూడా ఇంతే శ్రద్ధగా రాయాలని నేను పట్టుబడతాను. ఇంతకుముందు గల్లా పక్కన ఒక చిన్న డబ్బా ఉండేది. ఎక్కువైన డబ్బు అందులో వేసి, తగ్గిన రోజున అందులోంచి తీసేవారు, అందువల్ల ప్రతి రాత్రి లెక్క సరిపోయినట్టే కనిపించేది. ఆ డబ్బాను తీసేయించాను. గత సోమవారం 100 ఎక్కువ వస్తే అదే ఖాతాకు క్రెడిట్ రాశాం, మరునాడు ఉదయం ఒక పెద్దావిడ వచ్చి తనకు చిల్లరలో నూరు రూపాయలు తక్కువ ఇచ్చారని చెప్పింది. పుస్తకం తెరిచి చూపి, ఆ నూరూ ఆమె చేతికిచ్చి, ఖాతాకు డెబిట్ రాశాను. మా డబ్బు కాని ఆ నూరు డబ్బాలో పడి ఉంటే ఆమె మాట నమ్మడానికి మా దగ్గర ఆధారమే ఉండేది కాదు.

ఈ నెలలో ఇంతవరకు తరుగులు 215, ఎక్కువలు 160, నికరంగా 55 డెబిట్. ఏడాది చివర ఈ శేషం డెబిట్‌గా ఉంటే చిల్లర ఖర్చుల్లోకి, క్రెడిట్‌గా ఉంటే ఇతర ఆదాయంలోకి పోతుంది, కానీ ఆ 55ను చూసి కొట్టు గురించి తెలిసేది తక్కువ. అందుకే ప్రతి పద్దు కింద తేదీ, గల్లాలో కూర్చున్నది ఎవరు, చిల్లర ఎంత మిగిలింది అనేవి వివరంగా రాస్తాను. ఆ వివరాలు తిరగేస్తే, చిన్న తరుగులు దాదాపు అన్నీ రూపాయి, రెండు రూపాయల నాణేలు మధ్యాహ్నానికే అయిపోయిన రోజుల్లోనే ఉన్నాయి. 92 రూపాయల బిల్లుకు నూరు తీసుకుని, ఎనిమిదికి చిల్లర లేనందువల్ల పది రూపాయల నోటు ఇచ్చేస్తే ప్రతిసారీ రెండు రూపాయలు పోతాయి. ఇవాళ కూడా అలా ఎన్నిసార్లు ఇచ్చావని అడిగితే శివ కాసేపు ఆలోచించి, "పదిహేను, ఇరవై సార్లు ఉంటాయేమో అక్కా" అన్నాడు. 40 రూపాయలకు అది సరిపోతుంది, అయినా ఏ బిల్లుకు ఎంతో చెప్పలేం కాబట్టి పద్దును మార్చలేదు, అనుమానాన్ని మాత్రం వివరంలో రాశాను.

రేపటి 2,000లో 300 రూపాయలకు నాణేలే ఉండాలని మామయ్యకు చెప్పాను. నాణేలు అయిపోయి రెండు రూపాయలు వదిలేయవలసి వస్తే, ఆ బిల్లులోనే తగ్గింపుగా కొట్టమని శివకు మీట చూపించాను.