ఇంటర్వ్యూ రోజు తెల్లవారుజామున ఫోన్ వస్తే

ఉదయం 10:30కి ఇంటర్వ్యూ. తెల్లవారుజామున మూడుంపావుకి తమ్ముడు ఫోన్ చేసి నాన్నకి గుండెపోటు వచ్చింది, ఐసీయూలో పెట్టారు అన్నాడు. పరాయి దేశంలో ఉన్నవాళ్లకి ఆ టైమ్‌లో ఫోన్ మోగితేనే సగం సంగతి అర్థమైపోతుంది. ముందు టికెట్లు వెతికాను. మధ్యాహ్నం ఫ్లైట్ దొరికింది. ఇంటర్వ్యూ అనేది ఒకటుందని అప్పుడు గుర్తొచ్చింది.

గబగబా ఒక మెయిల్ రాశాను. నాన్నకి షుగర్ ఎన్నేళ్లుగా ఉందో, డాక్టర్ ఏమన్నాడో, ఈ ఉద్యోగం నాకెంత ముఖ్యమో అన్నీ అందులో ఉన్నాయి, మధ్యలో మూడు సారీలు, చివర్లో అలవాటుగా 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్'. మా ఆవిడ పెళ్లికి ముందు రెండేళ్లు ఒక కంపెనీలో ఇంటర్వ్యూలు షెడ్యూల్ చేసే పనిలో ఉండేది. మొత్తం చదివి, "ఇంతకీ మీరు వెళ్తున్నారా, వెళ్లట్లేదా?" అంది.

నిజమే, ఆ ముక్క ఎక్కడా రాయలేదు. ఆ మెయిల్ ముందు తెరిచేది మేనేజర్ కాదు, నలుగురి క్యాలెండర్లు కుదిర్చి ఆ గంట పట్టుకున్న కోఆర్డినేటర్. ఆమెకి కావాల్సింది ఏ ఇంటర్వ్యూ, ఎందుకు రాలేరు, మళ్లీ ఎప్పుడు వీలవుతుంది, అంతే. ఫోన్ నోటిఫికేషన్‌లో సబ్జెక్ట్‌లోని మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి కాబట్టి అసలు విషయం అక్కడే ఉండాలి. ఇద్దరం కూర్చుని తిరగరాశాం. రాసింది ఇంగ్లీషులోనే, తెలుగులో చెప్పాలంటే ఇది:

సబ్జెక్ట్: ఈ రోజు 10:30 ఇంటర్వ్యూ వాయిదా కోరుతూ – డేటా అనలిస్ట్ – నా పేరు

"కుటుంబంలో ఒకరికి హఠాత్తుగా తీవ్ర అనారోగ్యం కలగడం వల్ల ఈ రోజు 10:30 ఇంటర్వ్యూకి హాజరు కాలేను. చివరి నిమిషంలో చెబుతున్నందుకు క్షమించండి. ఈ మధ్యాహ్నం దేశం దాటి వెళ్తున్నాను. వచ్చే బుధ, గురువారాల్లో మీ టైమ్ ప్రకారం ఉదయం 9 నుంచి 12 లోపు ఎప్పుడైనా వీడియోలో మాట్లాడగలను. అవి కుదరకపోతే మీకు వీలైన సమయం చెప్పండి. ఫ్లైట్‌లో ఉన్నప్పుడు జవాబు ఆలస్యం కావచ్చు. ఈ ఉద్యోగంపై నా ఆసక్తి అలాగే ఉంది."

నేనైతే 'ఎల్లుండి' అని రాద్దామనుకున్నాను, త్వరగా అంటే వాళ్లకి నచ్చుతుందని. వద్దంది. ఎల్లుండి ఐసీయూ బయట కూర్చుని ఉంటే మళ్లీ వాయిదా అడగాలి, మొదటిసారి ఎవరూ ఏమనరు గానీ రెండోసారి అడిగేటప్పటికి అనుమానం మొదలవుతుందట. టైమ్ కూడా వాళ్ల ఊరి టైమ్ ప్రకారమే చెప్పాలి. ఐఎస్‌టీ అని రాస్తే అది ఇండియాకీ, ఐర్లండ్‌కీ, ఇజ్రాయెల్‌కీ కూడా పొట్టి పేరే.

ఇంటర్వ్యూ ఆహ్వానం వచ్చింది జవాబులు తీసుకోని అడ్రస్ నుంచి. అందుకే రిక్రూటర్‌తో అంతకుముందు నడిచిన మెయిల్‌కే రిప్లై ఇచ్చి, కోఆర్డినేటర్‌ని కూడా కలిపాను. క్యాలెండర్‌లో డిక్లైన్ నొక్కబోతుంటే ఆపింది, మెయిల్ చదవకుండా ఆ నోటిఫికేషన్ ఒక్కటే చూసినవాళ్లు నేను పూర్తిగా తప్పుకున్నానని అనుకుంటారని. నిమిషంలో ఆటో రిప్లై, రిక్రూటర్ సెలవులో ఉన్నారు, అత్యవసరమైతే ఫలానావారికి రాయండి అని. అది చదవకుండా వదిలేసి ఉంటే పదిన్నరకి ప్యానెల్ ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చునేది. ఆ రెండో మనిషికి పంపాను. 8:30 దాకా జవాబు రాకపోతే ఆఫీసుకి ఫోన్ చేసి వాయిస్ మెయిల్ కూడా పెట్టాను.

తర్వాత ఇంకోచోట ఇంటర్వ్యూ ముందు రోజు నాకే జ్వరం తగిలినప్పుడు ఇదే పద్ధతిలో నాలుగు లైన్లు రాశాను. రోగం పేరు రాయలేదు, వాళ్లూ అడగలేదు. డాక్టర్ సర్టిఫికెట్ అడిగితే ఇవ్వాలి గానీ ముందే హాస్పిటల్ కాగితాల ఫొటోలు జతచేయడం నాకైతే ఇబ్బందిగానే అనిపిస్తుంది. అయితే అభ్యర్థులందరినీ ఒకే రోజు పిలిచి ఆ సాయంత్రమే నిర్ణయించేసే చోట్లు కూడా ఉంటాయి. అలాంటి చోట కొత్త తేదీ దొరక్కపోవచ్చు, అదే రోజు చివర్లో వీడియోలో కుదురుతుందా అని అడగడమే మిగిలిన దారి.

నాన్న కోసం బయల్దేరిన రోజు పంపిన మెయిల్ సంగతికొస్తే, 9:05కి జవాబొచ్చింది, రెండే లైన్లు, గురువారానికి కొత్త ఆహ్వానంతో. ఆ గురువారానికి నాన్నని వార్డుకి మార్చారు, నేను ఇంట్లో తలుపేసుకుని ఇంటర్వ్యూ ఇచ్చాను. ఉద్యోగం రాలేదనుకోండి, ఎస్‌క్యూఎల్ ప్రశ్న దగ్గర తడబడ్డాను, వాయిదా గురించి మాత్రం ప్యానెల్‌లో ఎవరూ ఒక్క మాట ఎత్తలేదు.