అరకులో మూడు పొద్దులు, ఒక పుల్లటి కాఫీ

జనవరిలో అరకు వెళ్ళొచ్చాం, నేనూ మా బావమరిదీ. వైజాగ్‌లో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి సొరంగాలు లెక్కపెడదామని మొదలెట్టి పదిహేను దగ్గరే వదిలేశాం. రైలు గురించి అందరూ రాస్తారు కాబట్టి దాని జోలికి పోను. నా బ్యాగులో చేత్తో తిప్పే గ్రైండరు, పొడి మీద నీళ్ళు పోస్తే కాఫీ కిందకి దిగే ప్లాస్టిక్ డ్రిప్పరు, దానిలో పెట్టే పేపర్ ఫిల్టర్లు, వంటింటి కాటా ఉన్నాయి. బావమరిది చూసి "బావా, ఇంకా నయం, గ్యాస్ సిలిండర్ తేలేదు" అన్నాడు. 2019లో జీఐ ట్యాగ్ వచ్చిన అరబికా కాఫీ పండే ఊరికి పోతూ అక్కడ హోటల్ కాఫీ తాగి రావడమేంటని నా బాధ.

సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు, ఇళ్ళ ముందు పరదాల మీద ఎండుతున్న కాఫీ పళ్ళు, అన్నీ చూసి దార్లో తక్కువ వేయించిన లైట్ రోస్ట్ గింజలు పావుకిలో కొన్నా. అసలు కథ మర్నాడు పొద్దున మొదలైంది.

హోమ్‌స్టేలో రాత్రి ఫ్లాస్కులో పోసిచ్చిన వేడినీళ్ళు అలాగే ఉన్నాయి కదా అని వాటితోనే పెట్టా. 15 గ్రాముల పొడి, 240 గ్రాముల నీళ్ళు, ఇంట్లో ఫ్రెంచ్ ప్రెస్‌కి వాడే బరక గ్రైండే. ఒకటిన్నర నిమిషంలో నీళ్ళన్నీ గడగడా కిందకి దిగిపోయాయి. తాగితే పులుపు! పండులో ఉండే కమ్మటి పులుపు కాదు, పచ్చి మామిడికాయ కొరికినట్టు నోట్లో నీళ్ళూరిపోయే పులుపు, ఒక్క క్షణం ఝుమ్మని ఆ తర్వాత నోట్లో ఏమీ మిగలదు. హోమ్‌స్టే అన్న కూడా ఒక గుక్క తాగి, "ఏటి సార్ ఇది, చారులాగుంది" అని మొహమాటపడుతూనే గ్లాసు కింద పెట్టేశాడు.

పలచగా ఉంది కదా, పొడి తక్కువైందేమో అనుకుని రెండోసారి 20 గ్రాములు వేశా. ఇదే నేను చేసిన పెద్ద తప్పు, చాలామంది చేసేదీ ఇదే. పొడి పెంచితే కాఫీ చిక్కబడుతుంది తప్ప ఒక్కో రేణువులోంచి దిగే సారం పెరగదు, అదే నీళ్ళు ఇంకా ఎక్కువ పొడికి పంచుకోవాలి కాబట్టి ఇంకాస్త తగ్గొచ్చు కూడా. అంటే చిక్కటి పులుపు. చారు కాస్తా పులుసయ్యింది.

బావమరిది ఇంజనీరు, వెంటనే థియరీ చెప్పాడు. "కొండ మీద నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి బావా, అందుకే పొడి ఉడకట్లేదు." మాట నిజమే, కానీ లెక్కేస్తే థియరీ నిలబడలేదు. అరకు సుమారు 900 మీటర్ల పైన ఉంటుంది, దాదాపు ప్రతి 300 మీటర్లకీ ఒక డిగ్రీ తగ్గుతుందనుకున్నా అక్కడ నీళ్ళు 97 దగ్గర మరుగుతాయి, కాఫీకి అది బోలెడు వేడి. దోషం కొండది కాదు, రాత్రంతా చల్లారిన ఫ్లాస్కుది, నా బరక గ్రైండుదీ.

ఇద్దరు దోషులున్నప్పుడు ఒకేసారి ఇద్దర్నీ మారిస్తే ఎవరిది ఎంత తప్పో తెలీదు. అందుకని ముందు నీళ్ళు ఒక్కటే మార్చా. వంటింట్లో హోమ్‌స్టే అమ్మని అడిగి పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళు పట్టుకొచ్చి, పొడి మళ్ళీ 15 గ్రాములకే తెచ్చి, గ్రైండు అదే ఉంచా. పులుపు తగ్గింది కానీ పోలేదు. అప్పుడు గ్రైండరు 26 క్లిక్కుల నుంచి 20కి దించా (ఈ అంకెలు నా గ్రైండరువే, మీదానికి సరిపోవు). రేణువులు చిన్నవైతే నీళ్ళకి తగిలే పైభాగం పెరుగుతుంది, పైగా నీళ్ళు దిగడం నెమ్మదిస్తుంది. ఈసారి రెండు నిమిషాల నలభై ఐదు సెకన్లు పట్టింది. చల్లారుతున్నకొద్దీ తియ్యదనం తెలిసింది, చివర్లో బత్తాయి తొనలాంటి చిన్న పులుపు మాత్రం మిగిలింది. అది ఉండాలి, లైట్ రోస్ట్ కొన్నదే దానికోసం.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను. ఇంకా మెత్తగా చేస్తే ఇంకా బాగుంటుందని ఆశపడి 14 క్లిక్కులకి దించా. ఫిల్టరు బురద పట్టినట్టు అడ్డం పడింది, ఐదు నిమిషాలకి కూడా చుక్కచుక్కే. తాగితే కాకరకాయ రసంలా గొంతులో పట్టుకుని వదలని చేదు, దాంతోపాటు పచ్చి అరటికాయ నమిలినట్టు నాలుక బిరుసెక్కిపోయింది. మనకి దీనికి వగరు అని చక్కటి మాట ఉంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. నోట్లో నీళ్ళూరితే పులుపు, అంటే సారం సరిగ్గా దిగలేదు, నోరు ఎండిపోయి చేదూ వగరూ కలిసి తగిలితే మాత్రం మరీ ఎక్కువ పిండేశాం. చాలామంది కాఫీ నచ్చకపోతే రెంటినీ కలిపి "చేదుగా ఉంది" అనేస్తారు, పుల్లటి కాఫీని కూడా! ఆ తర్వాత వేడి తగ్గించి గ్రైండు బరక చేసి దాన్ని ఇంకా పుల్లగా చేసుకుంటారు.

సాయంత్రం దీన్నే బావమరిదికి చూపించా. మళ్ళీ 20 క్లిక్కులకి వెళ్ళి, ఒకే కాఫీ దిగుతుంటే కింద గ్లాసులు మారుస్తూ మూడు భాగాలుగా పట్టా. మొదటి గ్లాసు నల్లగా చిక్కగా, నాలుక మీద పెడితే కన్ను మూసుకునేంత పులుపు. రెండోది లేతరంగు, తియ్యగా. మూడోది టీ నీళ్ళలా ఉండి, రుచి లేదు కానీ చివర చేదు. పులుపు తొందరగా కరుగుతుంది, తీపి ఆ వెనక, చేదువి బద్ధకంగా ఆఖర్న వస్తాయి, అదీ సంగతి. మూడూ ఒక గిన్నెలో కలిపి ఇచ్చేసరికి వాడు, "ఇది పొద్దున్న ఇచ్చుంటే నేను థియరీ చెప్పేవాణ్ణి కాదు కదా" అన్నాడు.

మూడో రోజు బజార్లో ఇంకో ప్యాకెట్ కొన్నాం, గింజలు నూనె కారుతూ బొగ్గులా ఉన్నాయి. 20 క్లిక్కుల దగ్గర, మరుగు నీళ్ళతోనే పెడితే చేదు. ఈసారి అన్నీ తిరగేశా: మరిగిన నీళ్ళు మూత తీసి నాలుగైదు నిమిషాలు వదిలేసి, గ్రైండు 26కి పెంచి, రెండు నిమిషాల్లో దించేశా. బాగా మాడిన గింజలో సారం తేలిగ్గా వచ్చేస్తుంది కాబట్టి తక్కువ వేడి, తక్కువ సమయం చాలు. చేదు సగానికి సగం తగ్గింది, వగరు పోయింది, మాడువాసన మాత్రం అలాగే ఉంది. అది రోస్టులో పుట్టింది, దాన్ని నీళ్ళేం చేస్తాయి.

ఆ ప్యాకెట్టు హోమ్‌స్టే అమ్మకే ఇచ్చేశాం. ఆవిడ గిన్నెలో చిక్కటి పాలు, నాలుగు చెంచాల పంచదార, ఈ పొడి వేసి మూడు పొంగులు రానిచ్చి వడగట్టి ఇచ్చింది. బావమరిది రెండు గ్లాసులు తాగాడు. కాటా ఎందుకు తెచ్చావని నన్ను అడగలేదు గానీ, రైల్లో వైజాగ్ దాకా అదే మొహంతో చూశాడు.