కావలిలో సోమవారం, ఒక ఉత్తరం

ఇవాళ ఓపీ మామూలుగానే నడిచింది. మధ్యాహ్నం రొయ్యల చెరువు కాపలా చేసే అన్న భార్య వచ్చింది, తన బీపీ మాత్రల కోసం. ఆయనెలా ఉన్నాడని అడిగితే గొంతు తగ్గించి చెప్పింది: "ఇరవై రోజులైందమ్మా ఇన్సులిన్ సూది మానేసి. చావు చూపించిందంటాడు." నిన్న పరగడుపున చూపిస్తే షుగర్ 312 అట. ఫోన్ చేశాను, తీయలేదు. అందుకే చీటీ మీద రాశాను.

"అన్నా, ఆ రాత్రి సంగతి వదిన చెప్పింది. ఏడింటికి సూది వేసుకున్నారు. అన్నం ముందు కూర్చోబోతుంటే కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగితే రొయ్య చస్తుందని జనరేటర్ కాడికి పరుగెత్తారు. తొమ్మిదిన్నరకి చెమటలు, వణుకు, గట్టు మీద కూలబడ్డారు. అంతే కదా?

మీరు వేసుకునేది పాలలా తెల్లగా ఉండే మిక్సు మందు. అందులో కొంత అరగంటలో పని మొదలుపెడుతుంది, మిగతాది తెల్లారేదాకా నిదానంగా చేస్తుంది. మీరు అన్నం తిన్నారా లేదా అన్నది దానికి తెలీదు. తినకపోగా గట్టు మీద పరుగు, దాంతో ఉన్న షుగర్ కూడా ఖర్చయింది. తప్పు మీది కాదు. సూది పొడవడం నేర్పించాం కానీ, రాత్రి మీ పని ఎలా ఉంటుందో మేం అడగలేదు.

ఇకమీదట అన్నం వండి సిద్ధంగా ఉంటేనే సూది, అరగంటలో భోజనం. సూది వేశాక కరెంటు పోతే ముందు నాలుగు ముద్దలు తినండి, తర్వాతే చెరువు. వణుకు మొదలైతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. పావుగంటకీ తగ్గకపోతే మళ్లీ అంతే తాగండి, తగ్గాక అన్నం తినండి. మోటారు షెడ్డులో పంచదార డబ్బా ఒకటి పెట్టుకోండి. మీరు తెలివి తప్పి ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దని వదినకు చెప్పాను, అప్పుడు 108కి ఫోన్ చేయాలి.

పాత డోసు మీకు మీరే మొదలుపెట్టకండి. రేపు పొద్దున్నే సీసా, సిరంజి తీసుకుని రండి. డాక్టరుగారు మీ పని వేళలు చూసి డోసు మారుస్తారు. ఈలోపు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే రేపటిదాకా ఆగొద్దు, రాత్రయినా ఆసుపత్రికి రండి."

మడిచి ఇస్తుంటే ఆమె అంది: "ఆయనకు చదవడం రాదు, మనవడు చదివి వినిపిస్తాడు. ఏడో తరగతి." అయితే మరి, మళ్లీ విప్పి ఒకసారి చూశాను. పైన పెద్దక్షరాలతో "హైపో జాగ్రత్తలు" అని రాసుంది. కొట్టేసి, "షుగర్ పడిపోతే ఏం చేయాలి" అని రాశాను.